ప్రయాణ ఖర్చులు: లక్ష రూపాయలు

గ్రాంటు దరఖాస్తులో డోనర్ కన్ను ముందుగా పడేది ఇలాంటి వరుస మీదే. పక్కనే వివరణ కూడా ఉంటుంది: 'ప్రాజెక్టు పనుల నిమిత్తం ప్రయాణాలు'. ఎవరు, ఎక్కడికి, ఎన్నిసార్లు, ఎందుకు వెళ్తారన్నది మాత్రం అందులో ఉండదు.

20 ఊళ్లలో సాయంత్రం చదువు కేంద్రాలు నడపాలనుకునే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థను ఊహించుకుందాం. ఒక్కో కేంద్రంలో 20 మంది పిల్లలు. ఈ లక్షను తిరగరాయాలంటే అంకెను పక్కనపెట్టి పనితో మొదలుపెట్టాలి. ఇద్దరు ఫీల్డ్ కోఆర్డినేటర్లు ప్రతి ఊరికీ నెలకు రెండుసార్లు వెళ్తారు. అంటే నెలకు 40 రాకపోకలు. ఒక్కోటి సగటున 30 కిలోమీటర్లు, కిలోమీటరుకు 5 రూపాయలు. నెలకు 6 వేలు, పది నెలలకు 60 వేలు. ఇక పిల్లలను పరీక్షించే బృందం ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ప్రతి ఊరికీ ఆటోలో వెళ్తుంది. ఆ 40 ట్రిప్పులకు 800 చొప్పున 32 వేలు.

మొత్తం 92 వేలు. మిగిలిన 8 వేలు దేనికో ఎవరూ చెప్పలేకపోతే, ఆ డబ్బు అడగకూడదు.

పని తేలింది. ఇక ఫలితం. చాలామంది తడబడేది ఇక్కడే: '400 సందర్శనలు జరుగుతాయి' అని రాసి ఫలితం చెప్పామనుకుంటారు. అది జరిగిన పని లెక్క మాత్రమే. కోఆర్డినేటర్ వెళ్లినప్పుడు హాజరు చూస్తారు, వెనకబడిన పిల్లలను గుర్తించి గుంపులు మారుస్తారు. దానివల్ల ఏడాది చివరికి రెండో తరగతి స్థాయి కథ చదవగలిగే పిల్లల సంఖ్య పెరగాలి. 'అసర్' సర్వేలో వాడే కొలమానం కూడా ఇలాంటిదే: అక్షరం, పదం, పేరా, కథ. మొదటి పరీక్షకూ చివరి పరీక్షకూ తేడా చూపితే ఆ 32 వేలకూ సమాధానం దొరికినట్టే.

అన్ని ఖర్చులూ ఇలా అతకవు. అకౌంటెంట్ జీతం వల్ల పిల్లలు చదువుతారని రాస్తే నవ్వొస్తుంది. ఆయన సమయంలో ఈ ప్రాజెక్టుకు పోయేది 40 శాతమైతే జీతంలో అంతే చూపి, బిల్లులు, డోనర్‌కు పంపే లెక్కలు ఆయన పని అని సూటిగా చెప్పడం మేలు. అదే జీతాన్ని ఇద్దరు డోనర్ల దగ్గరా పూర్తిగా చూపితే ఆడిట్‌లో దొరుకుతుంది. విదేశీ నిధులైతే మరో పరిమితి ఉంది: 2020 సవరణ పరిపాలనా ఖర్చులను 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. పాఠం చెప్పే టీచరు జీతం ఆ లెక్కలోకి రాదు. కాబట్టి ఎవరు ఏ పని చేస్తారో రాయకపోతే నష్టపోయేది సంస్థే.

చివరగా ఒకసారి వెనక్కి నడవాలి, పనుల జాబితా నుంచి ఖర్చుల వైపు. పరీక్ష పెడతామన్నారు, కాగితాలేవి? 400 మందికి రెండుసార్లు, ఒక్కో సెట్ 4 రూపాయల చొప్పున 3,200. పాత బడ్జెట్‌లో ఆ వరుసే లేదు.