డీజే మోత - చెవికి రక్ష

నాలుగేళ్ళ క్రితం మాఘమాసంలో మా అక్కగారి కుమారుడు స్నేహితుని అన్నగారి వివాహానికి వెళ్ళాడు. అప్పటికి వానికి పందొమ్మిదేళ్ళు. రాత్రి బరాత్‌లో డీజే బండి వెనుక, స్పీకరు పెట్టెలకు ఆరడుగుల దూరంలో, దాదాపు రెండు గంటలు నృత్యం చేశాడు. మరునాడు నిద్ర లేచేసరికి ఎడమ చెవిలో ఎడతెగని ఈల మోత. ఎవరు మాట్లాడినా బావిలో నుండి పిలిచినట్లున్నదన్నాడు. అక్క కంగారుగా ఫోను చేసింది. "రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది. గోరువెచ్చని నువ్వుల నూనె రెండు చుక్కలు వేయి అక్కా" అని చెప్పాను. ముప్పై ఏళ్ళుగా వైద్యం చేస్తున్న నేను చెప్పిన ఆ మాట పొరపాటు. అది ఆరవ రోజున తెలిసింది. అదే పొరపాటు మరొక ఇంట జరుగరాదని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

చెవి లోపల జరిగేదేమిటి?

కర్ణభేరికి ఆవల, ఎముక లోపల, నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న భాగమున్నది. శబ్దాన్ని గ్రహించే రోమకణాలు అందులో ఉంటాయి. ఒక్కొక్క చెవిలో ఇవి సుమారు పదిహేను వేలు మాత్రమే. గడ్డి మీద ఒకరు నడిస్తే అది వంగి తిరిగి లేస్తుంది. పదిమంది అదే పనిగా త్రొక్కితే అక్కడ కాలిబాట పడుతుంది, మరి గడ్డి మొలవదు. రోమకణాల సంగతి కూడ అంతే. ఊరేగింపు తరువాత కొన్ని గంటలు చెవి దిమ్మెక్కి, మరల మామూలు కావడం వంగిన గడ్డి లేవడం వంటిది. ఒకసారి నశించిన కణం మాత్రం మనుష్యులలో తిరిగి పుట్టదు.

ముందుగా దెబ్బ తినేవి సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులను గ్రహించే కణాలు. స, శ, చ, త వంటి అక్షరాలను స్పష్టపరచేవి ఆ ధ్వనులే. అందువల్ల ఇట్టివారికి మాట వినబడుతుంది కాని తెలియదు. "సారు" అన్నారో "చారు" అన్నారో తేల్చుకోలేరు. నలుగురు మాట్లాడుకునే చోట మరీ ఇబ్బంది పడతారు. "వినబడుతున్నదిగా" అని ఇంటివారు ఉపేక్షిస్తారు.

నూనె ఎందుకు పనిచేయలేదు?

సుశ్రుతుడు చెప్పిన ఇరవై ఎనిమిది కర్ణరోగాలలో కర్ణనాదం ఒకటి. అది వాతప్రకోపం వలన కలుగుతుందనీ, తైలంతో కర్ణపూరణం చేయవలెననీ చదువుకున్నవాడిని కనుక నూనె చెప్పాను. కాని చెవిలో వేసిన తైలం కర్ణభేరి వద్దనే ఆగిపోతుంది. శబ్దాఘాతం తగిలిన చోటు దానికి ఆవలనున్నది. పైగా భేరికి రంధ్రముంటే నూనె మధ్యచెవిలోకి దిగి చీము పట్టించవచ్చును. వెల్లుల్లి కాచిన నూనె వేడిగా పోస్తే చర్మం కాలుతుంది. కనుక పెద్ద శబ్దం తరువాత చెవి మ్రోగితే నూనె, ఉల్లిరసం, తులసిరసం ఏవీ చెవిలో వేయరాదు.

ఆరవ రోజున చెవి, ముక్కు, గొంతు నిపుణుల వద్దకు తీసుకొని వెళ్ళాము. వినికిడి పరీక్షలో 4000 హెర్ట్‌జ్ వద్ద గీత లోయలాగా దిగిపోయి ఉన్నది. శబ్దాఘాతానికి అది గుర్తు. మాత్రలు ఇచ్చి, మొదటి రెండు మూడు రోజులలో వస్తే ఎక్కువ ప్రయోజనముండేదన్నారు. వినికిడి కొంత తిరిగి వచ్చింది. మోత పూర్తిగా పోలేదు.

శబ్దానికీ మోతాదున్నది

శబ్దం ఎంత పెద్దది అన్నదొక్కటే చాలదు, ఎంతసేపు విన్నామన్నది కూడ చూడవలెను. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చునని కార్మికుల కొరకు ఏర్పరచిన ఒక ప్రమాణమున్నది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ కాలం సగమవుతుంది. ఆ లెక్కన 94 వద్ద ఒక గంట, 100 వద్ద పావుగంట, 106 వద్ద నాలుగు నిమిషాలకు లోపే.

మావాడు నిలిచిన చోట 106 ఉన్నదనుకుందాం. నాలుగు నిమిషాలకు మించరాని చోట రెండు గంటలున్నాడు, అనగా ముప్పై రెట్లు. ఆరుబయట దూరం రెట్టింపైన కొద్దీ దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. వాడే పన్నెండు అడుగులలో ఉంటే 100, ఇరవై నాలుగడుగులలో ఉంటే 94 వినేవాడు. ఇరుకు వీధులలో, కల్యాణమండపాలలో గోడలు శబ్దాన్ని త్రిప్పికొడతాయి కనుక ఇంత లాభముండదు.

ముహూర్త సమయాన గట్టిమేళం కూడ పెద్ద శబ్దమే. కాని అది ఒకటి రెండు నిమిషాలలో ముగుస్తుంది. డీజే గంటల తరబడి సాగడమే భేదం.

కొలిచే యంత్రం లేకున్నా ఒక గుర్తున్నది. చేయి చాచినంత దూరంలో ఉన్నవారితో గొంతు పెంచితే గాని మాట్లాడలేకపోతే ఆ చోటు చెవికి మంచిది కాదు. చెవి దగ్గర నోరు పెట్టి అరవవలసి వస్తే అక్కడ నిమిషాల లెక్క మొదలైనదని గ్రహించవలెను.

చేయవలసినవి

దూది పెట్టుకొంటే చాలుననుకుంటారు. దూది గాలినీ శబ్దాన్నీ లోపలికి వదులుతుంది, రక్షణ నామమాత్రమే. మందుల దుకాణాలలో దొరికే స్పాంజి ఇయర్ ప్లగ్గులు వాడవలెను. శుభ్రమైన వేళ్ళతో ప్లగ్గును సన్నని వత్తిలాగా నలిపి, రెండవ చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనుకకు లాగి, వత్తిని లోపలికి జొనిపి, అది ఉబ్బేవరకు అర నిమిషం వ్రేలితో అదిమి పట్టవలెను. సరిగా కూర్చుంటే మీ గొంతు మీకే కుండలో మాట్లాడినట్లు గంభీరంగా వినబడుతుంది. అప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. సగం బయటికి ఉంటే అంత తగ్గదు. 106 ఉన్న చోట ప్లగ్గులు పెట్టుకొన్నా 91 వింటున్నట్లే, కనుక దూరం కూడ పాటించవలెను. చీము కారే చెవిలో పెట్టరాదు. పసిపిల్లలకు ప్లగ్గులు వద్దు. చెవులను పైనుండి కప్పే మఫ్‌లు వాడండి, లేదా వారిని దూరపు గదిలో ఉంచండి.

ఇంటిలో మోత మొదలైతే ఒకటి రెండు రోజులు నిశ్శబ్దంలో ఉండవలెను, హెడ్‌ఫోన్లు తాకరాదు. మరునాటికి మోత గాని దిమ్ము గాని తగ్గకపోతే చెవి వైద్యుని చూడవలెను. ఒక చెవి హఠాత్తుగా వినబడకపోతే ఆ దినమే వెళ్ళవలెను.

పెళ్ళి మీ ఇంటిదైతే బయానా ఇచ్చేటప్పుడే డీజే వారితో మాట్లాడుకోండి. పెట్టెలు భోజనాల వైపు, వృద్ధులు కూర్చునే వైపు తిరిగి ఉండరాదు. 2000 సంవత్సరపు కేంద్ర నిబంధనల ప్రకారం బహిరంగ స్థలాలలో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ధ్వనివర్ధకాలు వాడరాదు. కొన్ని పండుగ దినాలకు మాత్రం ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చును.

క్రిందటి వేసవిలో మా మేనకోడలి వివాహం జరిగింది. తొమ్మిదిన్నరకు పాటలు ఆపించినవాడు మావాడే. చెవులలో ప్లగ్గులతో బండికి చాలా వెనుకగా, చెల్లెలి కోసం కాసేపు నృత్యం కూడ చేశాడు. నిశ్శబ్దంలో ఈల మోత మరీ వినబడుతుందని వాడు నేటికీ, చలికాలంలో కూడ, ఫ్యాను వేసుకొనే నిద్రిస్తాడు.