గేట్ ర్యాంకు వచ్చిన అమ్మాయికి ఉగాది సందేశం

గేట్ పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది. ఫలితాలు మార్చి మధ్యలో వస్తాయి. ఉగాది కూడా చాలా ఏళ్లు ఆ రోజులకు దగ్గరలోనే పడుతుంది. 2025లో ఫలితాలు మార్చి 19న వెలువడితే, విశ్వావసు నామ సంవత్సర ఉగాది మార్చి 30న వచ్చింది. ఇంజినీరింగ్ చదివిన పిల్లలున్న ఇళ్లలో పరీక్ష సంబరం చల్లారకముందే పండగ వచ్చేస్తుంది కాబట్టి, బంధువులు రెండింటికీ కలిపి ఒకే సందేశం పంపడం మామూలే. అలా కలిపి రాసేటప్పుడు పండగ మాటల కింద ఆ విద్యార్థి కష్టం కనిపించకుండా పోకూడదు. అసలు చూసుకోవాల్సింది ఇదే.

ముందుగా ఆ ఫలితం ఏమిటో తెలియాలి. గేట్ మొత్తం వంద మార్కులకు, మూడు గంటల పరీక్ష. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నల్లో తప్పు రాస్తే మార్కు కోత ఉంటుంది. అందుకే తెలిసినదాన్ని రాయడంతో పాటు తెలియనిదాన్ని వదిలేయడం కూడా ఇక్కడ నేర్చుకోవలసిన విద్యే. ఫలితంలో మార్కులు, వెయ్యికి లెక్కగట్టే గేట్ స్కోరు, ఆ సబ్జెక్టులో దేశవ్యాప్త ర్యాంకు ఉంటాయి. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అయితే క్వాలిఫై అయినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు. ఐఐటీలకు విడివిడిగా దరఖాస్తు చేసుకోవాలి. వాటి ఆఫర్లు వేసవిలో ఒక ఉమ్మడి పోర్టల్‌లో విడతలు విడతలుగా వస్తాయి. ఎన్ఐటీలకు సీసీఎంటీ కౌన్సెలింగ్ వేరుగా జరుగుతుంది. గేట్ స్కోరుతో ఉద్యోగాలిచ్చే ప్రభుత్వ రంగ సంస్థల దారి ఇంకొకటి. కాబట్టి ఉగాది నాటికి ఆ అమ్మాయి చేతిలో ఉన్నది ర్యాంకు మాత్రమే. ఏ కాలేజీ, ఏ స్పెషలైజేషన్ అన్నది అప్పటికి ఎవరికీ తెలియదు, ఆమెకు కూడా.

ఈ సంగతి తెలియకపోతే సందేశం ఎలా దారి తప్పుతుందో ఒక ఉదాహరణలో చూడవచ్చు. కాకినాడలో ఉండే ఒక మేనమామ తన మేనకోడలికి రాస్తున్నాడనుకుందాం. ఆమె సివిల్ ఇంజినీరింగ్ చదివింది. కిందటేడు గేట్ రాస్తే క్వాలిఫై కాలేదు. తర్వాత ఒక కన్సల్టెన్సీలో ఉద్యోగం చేస్తూనే మళ్లీ చదివింది. ఆదివారాలు టెస్ట్ సిరీస్ రాసింది. ఈసారి రెండు వేల లోపు ర్యాంకు వచ్చింది. ఆయన మొదట ఇలా రాస్తాడు:

"నూతన తెలుగు సంవత్సర శుభాకాంక్షలు. ఉగాది పచ్చడిలోని షడ్రుచుల్లా నీ జీవితం నిండుగా ఉండాలి. గేట్ కొట్టినందుకు కంగ్రాట్స్. ఇక ఐఐటీ బాంబేనే! మన వంశంలో మొదటి ఐఐటీ నువ్వే అవుతావు. కిందటేడు పోయినా ఈ ఏడు నీ గ్రహబలం బాగుంది. ర్యాంకు ఎంత?"

రాసినవాడికి ప్రేమ లేదని ఎవరూ అనలేరు. కానీ షడ్రుచుల వాక్యం ఆ ఉదయం ఆమె ఫోన్‌కు వచ్చిన ప్రతి బొమ్మ మీదా ఉంటుంది. అది చూడగానే ఇది కూడా ఫార్వర్డేనని వేలు కిందికి జరిగిపోతుంది. ఐఐటీ బాంబే మాట ఇంకా రాని సీటుకు అభినందన. వేసవిలో వేరే ఐఐటీయో, ఎన్ఐటీయో వస్తే అదే మాట ఆమె గెలుపును ఓటమిలా చూపిస్తుంది. కిందటేటి సంగతి గుర్తుచేయడం కన్నా, ఈ ఫలితాన్ని గ్రహబలానికి కట్టబెట్టడం ఎక్కువ నొప్పిస్తుంది. ఏడాది పాటు రాత్రుళ్లు చదివింది ఆమె, గ్రహాలు కాదు. ఇక చివరి ప్రశ్న అభినందనను కాస్తా విచారణగా మార్చేస్తుంది. ర్యాంకు చెప్పాలనుకున్నవాళ్లు అడగకుండానే చెబుతారు.

అదే మేనమామ మళ్లీ రాస్తే ఇలా ఉండవచ్చు:

"అమ్మడూ, గేట్‌లో మంచి ర్యాంకు వచ్చిందని అమ్మ చెప్పింది. చాలా సంతోషంగా ఉంది. సంక్రాంతికి అందరం మేడ మీద గాలిపటాలు ఎగరేస్తుంటే నువ్వు కింద గదిలో టెస్ట్ రాసుకుంటూ కూర్చున్నావు. అత్తయ్య అరిసెలు తెచ్చిపెడితే గంట తర్వాత తింటానన్నావు. ఆ గంట నాకు బాగా గుర్తుంది. ఉద్యోగం చేసుకుంటూ ఇది సాధించావు. ఈ ఉగాదికి మా అందరికీ ఇదే పెద్ద కబురు. పండగ పూట హాయిగా నిద్రపో. నీకూ అమ్మానాన్నలకూ ఉగాది శుభాకాంక్షలు. – మావయ్య"

ఇందులో మొదటి మాట పరీక్ష గురించి, చివరి మాట పండగ గురించి. ఈ వరస ముఖ్యం. ఫోన్ తెర మీద ముందుగా కనిపించేది మొదటి వాక్యమే కాబట్టి, అక్కడ 'గేట్' అని ఉంటే తెరిచి చదువుతారు. సంక్రాంతి నాటి సంగతి ఆయన ఒక్కడే రాయగలడు. ఇంకెవరి సందేశంలోనూ ఉండదు. సీటు మాటే లేదు, ఎంటెక్ చేయాలా ఉద్యోగంలో చేరాలా అన్న సలహా కూడా లేదు. అరిసెల ముచ్చట లాంటిదేదీ గుర్తులేని దూరపు బంధువు ఒకటి సృష్టించి రాయనక్కర్లేదు. "ఉద్యోగం చేస్తూ చదివావని విన్నాను, అది తేలిక కాదు" అని తెలిసినంతవరకే రాస్తే చాలు.

ఎక్కడ పంపాలన్నది కూడా ఆలోచించాల్సిందే. కుటుంబ గ్రూపులో పెడితే పండగ బొమ్మల మధ్య కలిసిపోతుంది. పైగా అదే గ్రూపులో అదే పరీక్ష రాసి క్వాలిఫై కాని పెదనాన్న కొడుకు ఉండవచ్చు. పండగ పూట అందరి ముందూ ఒకరిని పొగుడుతుంటే ఇంకొకరు తలదించుకోవలసి వస్తుంది. విడిగా ఆమెకే పంపడం ఇద్దరికీ మేలు. గర్వంతోనే అయినా స్కోరు కార్డు ఫొటోను గ్రూపుల్లో తిప్పకూడదు. దాని మీద ఫొటో, రిజిస్ట్రేషన్ నంబరు లాంటి వ్యక్తిగత వివరాలు ఉంటాయి. దాన్ని ఎవరికి చూపించాలో ఆమె ఇష్టం.

ఉగాది ఉదయం తలంటు, పచ్చడి, పూజ, వచ్చేపోయే జనంతో గడిచిపోతుంది. ముందురోజు సాయంత్రమో, పండగ నాడు భోజనాలయ్యాకో పంపితే తీరిగ్గా చదువుకుంటారు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న బంధువులు ఇక్కడి వేళ చూసుకుని పంపాలి. లేకపోతే అర్ధరాత్రి చేరిన సందేశం తెల్లారేసరికి బొమ్మల వరదలో అడుగున పడిపోతుంది.

ఒక సందర్భంలో మాత్రం పండగ మాటే తీసేయాలి. ఏడాదిలోపు ఆ ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే చాలా కుటుంబాలు ఆ ఏడు పండగ చేసుకోవు. అలాంటి ఇంటికి ఉగాది శుభాకాంక్షలు పంపితే గుచ్చుకుంటాయి. పరీక్ష గెలిచినందుకు అభినందన మాత్రం తప్పకుండా పంపవచ్చు. పోయినవారు తాతయ్యో అమ్మమ్మో అయితే, "తాతయ్య ఉంటే ఎంత మురిసిపోయేవారో" అన్న ఒక్క వాక్యం అక్కడ పండగ శుభాకాంక్షల కన్నా దగ్గరగా ఉంటుంది.

సందేశం చేరిందో లేదో జవాబును బట్టి కొంత తెలుస్తుంది. ఫార్వర్డులకు దండం బొమ్మ తిరిగొస్తుంది. తన గురించే రాశారని తోస్తే రెండు ముక్కలైనా తన మాటల్లో రాస్తారు. అసలు జవాబే రాకపోతే గుర్తుచేయకూడదు, ఆ వారంలో ఆమె బదులివ్వాల్సినవి ఎన్నో ఉంటాయి. వేసవిలో సీటు ఖాయమయ్యాక రెండో అభినందన ఎలాగూ పంపాలి. కాలేజీ పేరు, కోర్సు పేరు రాయాల్సింది అందులో.