‘ఇతర’ అన్న మాట ఎంతవరకు?

చట్టాల్లో కొన్ని పేర్లు వరుసగా చెప్పి, చివర ‘ఇతర’ అని చేర్చడం మామూలే. ఆ చివరి మాట దేనికైనా వర్తిస్తుందా, ముందున్న వాటి కోవకే పరిమితమా? అదే కోవకు పరిమితం చేసే సూత్రం పేరు ఎజూస్‌డెమ్ జెనరిస్. లాటిన్‌లో ‘అదే జాతికి చెందిన’ అని అర్థం. ‘ఇల్లు, ఆఫీసు, గది లేదా ఇతర స్థలం’లో పందేల వ్యాపారం నడపకూడదని ఇంగ్లండ్‌లో 1853 నాటి చట్టం చెప్పింది. కెంప్టన్ పార్క్ గుర్రప్పందేల మైదానంలోని ఆరుబయటి ఆవరణ ఈ ‘ఇతర స్థలం’ కిందికి రాదని 1899లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. ముందు చెప్పిన మూడూ నాలుగు గోడల మధ్య ఉండేవి మరి.

సూత్రం పనిచేయాలంటే ముందున్న పేర్లన్నీ ఒక జాతిగా కుదరాలి. చిక్కంతా ఇక్కడే. రాజ్యాంగంలోని 12వ అధికరణం ‘రాజ్యం’ అన్న మాటలోకి కేంద్ర ప్రభుత్వాన్ని, పార్లమెంటును, రాష్ట్రాల ప్రభుత్వాలను, శాసనసభలను, స్థానిక సంస్థలను, ‘ఇతర అధికార సంస్థలను’ చేర్చింది. ప్రాథమిక హక్కుల్లో చాలావాటిని రాజ్యం మీదే అడగగలం కాబట్టి ఆ చివరి మాట మీద ఎందరి హక్కులో ఆధారపడి ఉన్నాయి. పాలనాధికారం చెలాయించేవే ఇందులోకి వస్తాయని, విశ్వవిద్యాలయం రాదని మద్రాసు హైకోర్టు మొదట్లో అంది. తర్వాత రాజస్థాన్ విద్యుత్ బోర్డు ఉద్యోగి ఒకరు పదోన్నతిలో వివక్ష జరిగిందని కోర్టుకెక్కారు. వ్యాపారం చేసే తాము రాజ్యం ఎలా అవుతామని బోర్డు వాదించింది. 1967లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. పార్లమెంటుకూ పంచాయతీకీ ఉమ్మడి జాతి ఏముంది? జాతే లేనప్పుడు ‘ఇతర’ను కుదించే వీలు లేదు. చట్టం ద్వారా అధికారాలు పొందిన బోర్డు కూడా రాజ్యమేనని తీర్పు వచ్చింది. ఈ సూత్రాన్ని ఎత్తుకునేవారు ముందుగా ఆ జాతి పేరేమిటో చెప్పగలగాలి. చెప్పలేకపోతే వాదన నిలవదు.

నోసిటర్ ఎ సోషియిస్ దీనికంటే విశాలమైనది. పక్కనున్న మాటలను బట్టి ఒక మాట అర్థం తెలుస్తుందన్నది దాని సారం. చివర ‘ఇతర’ అన్న మాట ఉండనక్కర్లేదు. దానికీ హద్దుంది. ముంబైలో జె.జె. ఆసుపత్రుల వార్డు సిబ్బంది ఇద్దరిని తొలగించినప్పుడు, ఆసుపత్రి ‘పరిశ్రమ’ కాదని ప్రభుత్వం వాదించింది. అప్పటి చట్టంలోని నిర్వచనంలో వ్యాపారం, వర్తకం పక్కన ‘అండర్‌టేకింగ్’ అన్న మాట ఉండేది. పొరుగు మాటలను బట్టి దానికీ లాభాపేక్ష ఉండాలన్నది ఆ వాదన. అర్థం సందేహంగా ఉన్నప్పుడే ఈ సూత్రం వాడాలని, శాసనకర్తలు కావాలనే విశాలమైన మాట వాడితే దాన్ని కుదించరాదని 1960లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆసుపత్రి పరిశ్రమ కిందికి వచ్చింది. పరిహారం చెల్లించకుండా ఆ ఇద్దరినీ తొలగించడం చెల్లకుండా పోయింది.