ఫీజు కట్టకముందే దొంగ డిగ్రీని గుర్తుపట్టడం

భారతదేశంలో డిగ్రీ ఇచ్చే హక్కు మూడు రకాల సంస్థలకే ఉంది. ఒకటి, పార్లమెంటు చట్టంతోనో రాష్ట్ర చట్టంతోనో ఏర్పడ్డ విశ్వవిద్యాలయం. రెండు, డీమ్డ్ హోదా పొందిన సంస్థ. మూడు, ఐఐటీల మాదిరిగా పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థ. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ సారం ఇదే. ఈ మూడింట్లో దేనికీ చెందని సంస్థ ఇచ్చే కాగితం మీద హోలోగ్రామ్ ఎంత మెరిసినా అది డిగ్రీ కాదు. అయితే ఈ చట్టాన్ని మీరితే పడే జరిమానా వెయ్యి రూపాయలు దాటదు. మోసగాళ్లకు భయం లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

అలాంటి సంస్థలు తమకు లేని హక్కును రకరకాల ముద్రలతో కప్పిపుచ్చుకుంటాయి. కరపత్రం మీద 'ఐఎస్ఓ 9001 సర్టిఫైడ్', 'భారత ప్రభుత్వ ఎంఎస్ఎంఈ రిజిస్టర్డ్', 'సొసైటీల చట్టం కింద నమోదు' అని వరసగా ఉంటాయి. అవి నిజమే కావచ్చు, కానీ వాటికీ డిగ్రీకీ సంబంధం లేదు. ఎంఎస్ఎంఈల ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. యజమాని తన వివరాలు తానే నింపి తీసుకుంటాడు, టీ కొట్టుకైనా వస్తుంది. ఐఎస్ఓ స్వయంగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఆ ప్రమాణం పేరుతో వేరే సంస్థలు ఇచ్చే పత్రం ఆఫీసు నిర్వహణ తీరు గురించి చెబుతుందే తప్ప చదువు గుర్తింపు గురించి కాదు.

తెలుగు పట్టణాల్లో ఎక్కువగా వినిపించే బేరం 'వన్ సిట్టింగ్ డిగ్రీ'. ఉదాహరణకు, ఇంటర్‌తో చదువు ఆపేసిన యువకుడికి ఒక కన్సల్టెన్సీ ఫోన్ చేస్తుంది. మూడు నెలల్లో బీకాం, మూడేళ్ల మార్కుల మెమోలు, పరీక్ష కూడా ఇక్కడే అంటుంది. పక్క రాష్ట్రంలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం పేరు చెబుతుంది. యూజీసీ ప్రకటించే నకిలీ సంస్థల జాబితాలో గుంటూరు, విశాఖపట్నం చిరునామాలు కనిపిస్తాయి గానీ ఈ పేరు కనిపించదు. అక్కడితో అతను నిశ్చింతగా ఉంటే పొరపాటే. ఆ జాబితాలో ఉండేవి యూజీసీ దృష్టికి వచ్చిన పేర్లు మాత్రమే. పైగా ఇక్కడ విశ్వవిద్యాలయం అసలైనదే, అమ్మేవాడే నకిలీ.

కాబట్టి చూడాల్సింది పేరు ఒక్కటే కాదు. ఆ కోర్సును, ఆ పద్ధతిలో, ఈ ఏడాది నడిపే అనుమతి ఉందా అన్నది చూడాలి. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల అనుమతులు యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్ deb.ugc.ac.in లో ఉంటాయి. ఈ కోర్సులను ఫ్రాంచైజీలకు అప్పగించడం నిషిద్ధం. అందువల్ల 'మేము ఆ యూనివర్సిటీ ఆథరైజ్డ్ సెంటర్' అన్న మాటే అనుమానానికి తావివ్వాలి. 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరేవారు డెబ్ ఐడీ తీసుకోవాలి. దాన్ని విద్యార్థే పోర్టల్‌లో సృష్టించుకుంటాడు. అదంతా అక్కర్లేదన్న దళారి దగ్గర సక్రమమైన సీటు లేదనే అర్థం.

మన యువకుడి విషయంలో ఇంత వెతకాల్సిన పని కూడా లేదు. ఈ ఏడాది చేరినవాడికి గత మూడేళ్ల తేదీలతో మెమోలు సక్రమంగా వచ్చే దారే లేదు. అవి చేతికొచ్చాక నష్టం ఫీజుతో ఆగదు. ఉద్యోగమిచ్చిన కంపెనీ హాల్‌టికెట్ నంబరుతో పరీక్షల విభాగానికి రాస్తే అక్కడి రికార్డులో అతని పేరు ఉండదు. దొంగ పత్రం వాడిన నేరం మీద పడేది అతని మీదే. దళారి చూపించే 'వెరిఫికేషన్' లింకునూ నమ్మకూడదు. అసలును పోలిన వెబ్‌సైట్ తయారుచేయడం తేలిక. యూజీసీ జాబితాలో ఉన్న చిరునామా నుంచే విశ్వవిద్యాలయ సైటుకు వెళ్లి, అక్కడి నంబరుకు ఫోన్ చేసి అడగాలి. ఫీజు విశ్వవిద్యాలయం పేరిట ఉన్న ఖాతాకు కాక, ఎవరి సొంత యూపీఐకో పంపమంటే బేరం అక్కడే ఆపేయాలి.

నర్సింగ్, పారామెడికల్ కోర్సులకు ఇంకో తనిఖీ ఉంది. సంబంధిత కౌన్సిల్ లేదా బోర్డు గుర్తించిన కాలేజీల జాబితాలో పేరు లేకపోతే, చదువు పూర్తయ్యాక రిజిస్ట్రేషన్ దొరకదు.

విదేశీ డిగ్రీల్లో మోసం మరో మెట్టు ఎక్కింది. కరాచీలోని ఆక్సాక్ట్ కంపెనీ వందల కొద్దీ ఉత్తుత్తి విద్యాసంస్థల వెబ్‌సైట్లతో పాటు, వాటికి గుర్తింపు ఇచ్చినట్టు చూపే ఉత్తుత్తి అక్రెడిటేషన్ సంస్థలనూ సృష్టించిందని 2015లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అందుకే 'అక్రెడిటెడ్' అన్న మాట దగ్గర ఆగిపోకూడదు. గుర్తింపు ఇచ్చింది ఎవరో తెలుసుకోవాలి. అమెరికా సంస్థ అయితే, ఆ అక్రెడిటర్ పేరు అక్కడి విద్యాశాఖ గుర్తించిన జాబితాలో ఉందో లేదో విద్యాశాఖ సైటులోనే ఉచితంగా చూసుకోవచ్చు.