ఇరవై సీట్లు, రెండే వరుసలు

మాత్రిక అంటే అడ్డువరుసలు, నిలువు వరుసలుగా పేర్చిన అంకెల పట్టిక. ఆ పట్టికలో కొత్త సంగతి చెప్పే అడ్డువరుసలు ఎన్ని, పై వరుసలు ముందే చెప్పేసిన దాన్ని మళ్లీ చెప్పేవి ఎన్ని అని వేరుచేసి, మొదటి రకాన్ని లెక్కపెడితే వచ్చేది మాత్రిక ర్యాంకు. తెలుగు మాధ్యమం ఇంటర్ పుస్తకాల్లో దీన్ని ‘కోటి’ అంటారు. పరీక్షల్లో వచ్చే ర్యాంకుతో దీనికి సంబంధం లేదు. ఇక్కడ ఎవరు ముందు, ఎవరు వెనక అన్న ప్రశ్నే రాదు.

పుస్తకంలో నిర్వచనం వేరేగా ఉంటుంది. మాత్రికలోంచి కొన్ని అడ్డువరుసలు, అన్నే నిలువు వరుసలు ఎంచుకుని చదరపు ముక్కలు తీయాలి. నిర్ధారకం సున్నా కాని ముక్కల్లో అన్నిటికంటే పెద్దదాని పరిమాణమే కోటి. నిర్వచనంలో తప్పేమీ లేదు. కానీ మొదటిసారి చదివే పిల్లవాడికి అది లెక్క చేసే పద్ధతి చెబుతుందే తప్ప, ఆ లెక్క దేన్ని కొలుస్తోందో చెప్పదు. ఆ లోటును తరగతి గదిలోనే ఎలా తీర్చవచ్చో చూపడానికి ఒక చిన్న కథ పనికొస్తుంది.

ఒక చిన్న పట్టణంలో జూనియర్ కాలేజీ. మొదటి సంవత్సరం ఎంపీసీలో ఇరవై మంది. యూనిట్ టెస్టు కోసం లెక్కల మేడమ్ సీటింగ్ చార్టు వేసి గోడకు అంటించారు. నాలుగు వరుసలు, వరుసకు ఐదుగురు, అందరూ రోల్ నంబరు ప్రకారం.

```
 1   2   3   4   5
 6   7   8   9  10
11  12  13  14  15
16  17  18  19  20
```

మర్నాడు చూస్తే చార్టు కింది సగం చిరిగిపోయి ఉంది. పై రెండు వరుసలే మిగిలాయి. మళ్లీ రాయబోతున్న అబ్బాయిని మేడమ్ ఆపి, బోర్డు మీద ఒకే మాట రాశారు: “మూడో వరుస = రెండో వరుసకు రెండింతలు, అందులోంచి మొదటి వరుస తీసివేత.”

పిల్లలు వేసి చూశారు. ఆరుకు రెండింతలు పన్నెండు, అందులో ఒకటి పోతే పదకొండు. ఏడుకు రెండింతలు పద్నాలుగు, రెండు పోతే పన్నెండు. చివరి సీటు దగ్గర ఇరవైలోంచి ఐదు పోయి పదిహేను వచ్చింది. మూడో వరుస మొత్తం తిరిగి వచ్చేసింది. నాలుగో వరుసకు ఏం రాయాలో వెనక బెంచీ అమ్మాయి తనే పట్టుకుంది: “రెండో వరుసకు మూడింతలు, అందులోంచి మొదటి వరుసకు రెండింతలు తీసేయాలి మేడమ్.” పద్ధెనిమిదిలోంచి రెండు పోతే పదహారు, ముప్పైలోంచి పది పోతే ఇరవై. సరిపోయింది.

“అయితే ఈ చార్టు కోటి రెండు,” అన్నారు మేడమ్. “నాలుగు వరుసలు కనిపిస్తున్నాయి గానీ, రెండు ఉంటే చాలు, మిగతా రెండూ వాటిలోంచే పుడతాయి.”

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పై రెండు వరుసలు మాత్రమే చూసి కింది వరుసలు ఊహించడం కాదు కోటి అంటే. రెండింతలు తీసుకో, ఒక వంతు తీసెయ్ అనే గుణకాలు కూడా తెలియాలి. ఒక్కో కొత్త వరుసకు అలాంటి గుణకాలు రెండేసి చాలు. ఇరవై మంది తరగతిలో ఈ ఆదా పెద్దగా కనిపించదు. వంద అడ్డువరుసలు, యాభై నిలువు వరుసలు ఉన్న పట్టికలో ఐదు వేల అంకెలుంటాయి. దాని కోటి రెండే అయితే, రెండు వరుసల వంద అంకెలు, మిగిలిన 98 వరుసలకు రెండేసి చొప్పున 196 గుణకాలు, మొత్తం 296 అంకెలతో పట్టికంతా తిరిగి రాయవచ్చు. ఫొటోలను తక్కువ జాగాలో దాచే పద్ధతుల్లో ఒకటి దీని మీదే నడుస్తుంది: అసలు పట్టికకు దగ్గరగా ఉండే, తక్కువ కోటి ఉన్న పట్టికను వెతికి దాన్ని దాచుకుంటారు.

కథలో మొదటి పొరపాటు ముందు బెంచీ నుంచి వచ్చింది. “మేడమ్, ఏ వరుసా ఇంకో వరుసకు రెండింతలో మూడింతలో కాదు కదా. అప్పుడు నాలుగూ వేరువేరే అవ్వాలి, కోటి నాలుగు కావాలి,” అన్నాడు ఒకబ్బాయి. కోటి లెక్కల్లో చాలామంది పడే పొరపాటు ఇదే. వరుసలను జంటలుగా పోల్చి చూస్తే ఏ రెండింటికీ సంబంధం కనిపించకపోవచ్చు. కానీ మూడో వరుస మొదటి, రెండో వరుసలు కలిస్తేనే పుడుతుంది, ఒక్కదాని నుంచి పుట్టదు. జంటల వారీ పరీక్ష ఈ బంధాన్ని పట్టుకోలేదు. అందరినీ ఒకేసారి పరీక్షించే పద్ధతి కావాలి.

ఆ పద్ధతి వరుసల తీసివేత. మేడమ్ కింది నుంచి మొదలుపెట్టారు. నాలుగో వరుసలోంచి మూడోది తీసేస్తే ఐదు సీట్లలోనూ ఐదే మిగులుతుంది. మూడోదాంట్లోంచి రెండోది తీసేసినా, రెండోదాంట్లోంచి మొదటిది తీసేసినా అంతే. బోర్డు మీద ఇప్పుడు ఇలా ఉంది.

```
1  2  3  4  5
5  5  5  5  5
5  5  5  5  5
5  5  5  5  5
```

మూడు వరుసలూ ఒకటే కనుక ఒకదాన్ని ఉంచి, దాన్ని మిగతా రెండింటిలోంచి తీసేస్తే అవి సున్నాలవుతాయి. మిగిలినవి రెండు: మొదటి వరుస, ఐదుల వరుస. ఐదుల వరుసను ఎంతతో గుణించినా ఒకటి, రెండు, మూడు అని పెరిగే వరుస రాదు. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడవు కాబట్టి కోటి రెండు. ఇలా తీసివేసుకుంటూ పోతే కోటి మారదు, ఎందుకంటే తీసేసిన వరుసను మళ్లీ కలిపితే పాత వరుస తిరిగి వస్తుంది. ఏ సమాచారమూ పోలేదు. పుస్తకంలోని నిర్వచనం పట్టుకుని వెళ్తే ఇదే చార్టులో మూడేసి వరుసల చదరపు ముక్కలు నలభై వస్తాయి, నలభై నిర్ధారకాలూ సున్నా అని చూపాలి. ఇక్కడ కొద్దిపాటి తీసివేతలతో పని అయిపోయింది.

నిలువు వరుసలతో లెక్కిస్తే ఏమవుతుందన్నది సహజంగా వచ్చే ప్రశ్న. నిలువు వరుసలు ఐదున్నాయి. ఒక్కోదాన్ని పక్కదాంట్లోంచి తీసేస్తే నాలుగు సీట్లలోనూ ఒకటే మిగులుతుంది. కనుక అక్కడా రెండే. ఇది ఈ చార్టుకు మాత్రమే పట్టిన అదృష్టం కాదు. ఏ పట్టికలోనైనా అడ్డంగా లెక్కించినా, నిలువుగా లెక్కించినా కోటి ఒకటే వస్తుంది. అందుకే నాలుగు అడ్డువరుసలు, ఐదు నిలువు వరుసలున్న పట్టికకు కోటి నాలుగు దాటే వీల్లేదు.

తర్వాత మేడమ్ చేయించిన పనే ఈ కథలో అన్నిటికంటే విలువైనది. పిల్లలను సీట్లు మార్చమన్నారు.

మొదట వరుసకు వరుస మారింది. రెండో వరుస వాళ్లంతా నాలుగో వరుసకు, నాలుగో వరుస వాళ్లు రెండో వరుసకు వెళ్లారు. కోటి రెండే. వరుసల క్రమానికీ కోటికీ సంబంధం లేదు. తర్వాత రెండో వరుసను, నాలుగో వరుసను కుడి నుంచి ఎడమకు తిప్పి కూర్చోబెట్టారు. పాము మెలికల్లా నంబర్లు తిరిగే ఈ అమరికలో రెండో వరుస 10, 9, 8, 7, 6 అయింది. కోటి పెరుగుతుందని తరగతంతా అనుకుంది. పెరగలేదు. మొదటి వరుసను దానికి కలిపితే ప్రతి సీటులోనూ పదకొండే వచ్చింది. కొత్త సంగతేమీ లేదు.

అప్పుడు ఆరు, ఏడు నంబర్ల వాళ్లను మాత్రం ఒకరి సీట్లోకి ఒకరిని మార్చి, మిగతా అందరినీ పాత సీట్లలో కూర్చోబెట్టారు. రెండో వరుస 7, 6, 8, 9, 10 అయింది. ఒకటి, మూడు, నాలుగు వరుసల బంధం చెదరలేదు. రెండో వరుస మాత్రం వాటిలోంచి పుట్టడం మానేసింది. కోటి మూడు.

చివరగా ఆ ఇద్దరినీ వెనక్కి పంపి, పదో నంబరును, పదకొండో నంబరును మార్చారు. పదో నంబరు రెండో వరుస కుడి చివర, పదకొండో నంబరు మూడో వరుస ఎడమ చివర. మొదటి, నాలుగో వరుసలు మారలేదు. వాటి తేడాను పదిహేనుతో భాగిస్తే అన్నీ ఒకట్లే ఉన్న వరుస వస్తుంది. మార్చిన రెండో వరుసలోంచి మొదటిది తీసేస్తే 5, 5, 5, 5, 6. అందులోంచి ఒకట్ల వరుసకు ఐదింతలు తీసేస్తే 0, 0, 0, 0, 1. మూడో వరుసతో అదే పని చేసి, ఈసారి పదింతలు తీసేస్తే -1, 0, 0, 0, 0. ఒకటి కుడి చివర సీటు గురించే చెబుతుంది, ఇంకొకటి ఎడమ చివర సీటు గురించే చెబుతుంది. ఇక సున్నా అయ్యే వరుసే లేదు. కోటి నాలుగు, అంటే ఆ చార్టుకు సాధ్యమైన గరిష్ఠం. ఇద్దరు పిల్లలు సీటు మారితే కోటి రెండు నుంచి నాలుగుకు ఎగబాకింది.

ఈ మార్పు ఒక హెచ్చరిక కూడా. సర్వేల్లోనూ ప్రయోగాల్లోనూ సేకరించిన పట్టికల్లో ఒకటి రెండు అంకెలు తప్పుగా పడినా అచ్చం ఇలాగే జరుగుతుంది. నిజానికి కొద్దిపాటి సమాచారమే ఉన్న పట్టిక, చిన్న పొరపాట్ల వల్ల పూర్తి కోటి ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే అలాంటి చోట్ల తీసివేతల తర్వాత సున్నా వచ్చిందా అని మాత్రమే చూడరు, సున్నాకు ఎంత దగ్గరగా వచ్చిందో కూడా చూస్తారు.

కోటి తక్కువైతే వచ్చే మరో చిక్కు సమీకరణాల్లో ఉంది. ఎన్ని తెలియని రాశులుంటే అన్ని సమీకరణాలు ఉన్నా, వాటిలో ఒకటి మిగతావాటి నుంచే పుట్టినదైతే ఒకే ఒక్క సమాధానం రాదు. ఆ మాత్రికకు విలోమమే ఉండదు. ఇలాంటి మాత్రికలకు కూడా విలోమంలా పనిచేసేదాన్ని నిర్మించే సిద్ధాంతంలో ఒక తెలుగువారి పేరు పెద్దది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు, సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి రాసిన సాధారణీకృత విలోమాల పుస్తకం 1971లో వచ్చింది. గణాంకశాస్త్రంలో కోటి తక్కువైన పట్టికలు తరచూ ఎదురవుతాయి కనుకే ఆ పని అవసరమైంది.

సీటింగ్ చార్టు ఉదాహరణకు ఒక పరిమితి ఉంది. కోటి రోల్ నంబర్లది, పిల్లలది కాదు. అదే ఇరవై మందికి వేరే నంబర్లు ఇస్తే కోటి మారిపోవచ్చు. ఈ మాట తరగతిలో స్పష్టంగా చెప్పకపోతే, గదిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నదే కోటి అని పిల్లలు అనుకునే ప్రమాదముంది.

అంత జాగ్రత్త తీసుకుంటే ఈ పాఠానికి ఖర్చేమీ లేదు, ప్రత్యేక సామగ్రీ అక్కర్లేదు. లెక్కల ఉపాధ్యాయులు నిర్ధారకాల నిర్వచనాన్ని బోర్డు మీద రాసే ముందు, ఒక్క పీరియడ్ తమ తరగతి చార్టుతో ఈ తీసివేతలు చేయించాలి. నిర్వచనం ఆ తర్వాత రాయవచ్చు.