ఒక్క ‘హాయ్’... వెనక ఎన్ని మాటలో!

జనగామలో ఉండే ఓ అమ్మ సంగతి ఇది. కూతురు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రోజూ రాత్రి తొమ్మిది దాటాక ఆ అమ్మాయి నుంచి వాట్సాప్‌లో ఒకటే పలకరింపు... ‘అమ్మా తిన్నవా?’ అని. ఓ రోజు మాత్రం పొద్దున పదకొండున్నరకు మెసేజ్ వచ్చింది. అందులో ఉన్నది ‘హాయ్ అమ్మా’. అంతే!

చదివిన వెంటనే ఆ తల్లి గుండె గుభేల్‌మంది. ‘మా ఇంట్లో ఎవరం ఎవరికీ హాయ్ చెప్పుకోం. అందుకే భయమేసింది’ అంటుందామె.

ఆ మాటలో పెద్ద కిటుకే ఉంది. మన ఇళ్లల్లో దగ్గరివాళ్ల మధ్య నమస్కారాలుండవు. ‘తిన్నవా’, ‘ఏం జేస్తున్నవ్’, ‘ఎప్పుడొస్తవ్’... ఇవే పలకరింపులు. కొత్తవారికీ, పెద్దవారికీ మాత్రమే నమస్తేలు. కాబట్టి పరిచయం లేని మనిషి ‘నమస్తే సార్’ అని పంపితే అందులో వింతేమీ లేదు. కన్నకూతురు ‘హాయ్’ అందంటే మాత్రం ఆలోచించాల్సిందే. పలకరింపు మాటకు సొంతంగా అర్థం తక్కువ. ఆ మనిషి రోజూ వాడే మాటేమిటి, ఈ రోజు వాడిందేమిటి... ఆ తేడాలోనే మనసు కనిపిస్తుంది.

తలుపు తట్టిన చప్పుడు

అసలు విషయం చెప్పకుండా ఒట్టి ‘హాయ్’ పంపి ఆగిపోవడం ఎందుకు? అమెరికాకు చెందిన ఇమాన్యుయేల్ షెగ్లాఫ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1968లో అచ్చయిన ఓ వ్యాసంలో దీనికి దగ్గరి సంగతే చెప్పారు. పోలీసులకు వచ్చిన దాదాపు 500 ఫోన్‌కాల్స్ మొదట్లో ఏం జరిగిందో ఆయన పరిశీలించారు. ఫోన్ మోగడమంటే పిలుపు. ఎత్తినవారు ‘హలో’ అంటే ఆ పిలుపుకు జవాబు. ఆ జవాబు వచ్చాకే పిలిచినవారు సంగతి చెబుతారు.

ఒట్టి ‘హాయ్’ కూడా అలాంటి పిలుపే. తలుపు తట్టి, లోపలినుంచి ‘ఎవరూ?’ అనే మాట కోసం నిలబడటం లాంటిది. అవతలివాళ్లు ఖాళీగా ఉన్నారా, వినే మూడ్‌లో ఉన్నారా అని చూసుకోవడమన్నమాట. అందుకే అప్పు అడగాలన్నా, తప్పు ఒప్పుకోవాలన్నా చాలామంది ముందు ‘హాయ్’తోనే మొదలెడతారు.

మరి తొందర ఎలా తెలుస్తుంది? నిజంగా ప్రాణం మీదికొస్తే మనిషి మెసేజ్ పెట్టి కూర్చోడు, ఫోన్ చేస్తాడు. మెసేజే పెట్టినా ‘హాయ్’ వెనకాలే నిమిషంలోపు ‘ఉన్నవా?’ అనీ, ఆ వెంటనే ఒట్టి ప్రశ్నార్థకమో, మిస్డ్ కాలో వస్తాయి. ఒక్క ‘హాయ్’ పంపి పావుగంట ఊరుకుంటే చాలాసార్లు తొందర లేనట్టే. బరువు లేదని మాత్రం కాదు.

జనగామ అమ్మ కంగారులో వెంటనే ఫోన్ చేసింది. కూతురు కట్ చేసింది. కంగారు రెట్టింపైనా తమాయించుకుని, ‘చెప్పు బిడ్డా, ఇప్పుడు మాట్లాడొస్తదా, రాత్రికి మాట్లాడుదమా?’ అని పంపింది. ‘రాత్రికి’ అని జవాబు. తొందర లేదని తేలిపోయింది. రాత్రి తెలిసిన విషయం... పరీక్షలో ఓ సబ్జెక్టు పోయింది. క్లాసులో పక్కన స్నేహితులుండగా ఏడుపొస్తుందని ఫోన్ ఎత్తలేదట.

పేరు చెప్పని నమస్తే

కూతురిదైతే రోజువారీ అలవాటు తెలుసు. అసలు ముక్కూమొహం తెలియని నంబరు నుంచి వస్తే? మహబూబాబాద్ దగ్గర్లో పనిచేసే ఓ ఉపాధ్యాయుడికి ఇలాగే ఓ సాయంత్రం ‘నమస్తే సార్’ అని వచ్చింది. పేరు లేదు, ఫొటో లేదు. పైన typing... అని కనిపిస్తుంది, ఆగిపోతుంది, మళ్లీ కనిపిస్తుంది. చివరికి ఓ మెసేజ్ వచ్చింది గానీ చదివేలోపే డిలీట్ అయిపోయింది.

టైపింగ్ అని వచ్చి ఆగినంత మాత్రాన తటపటాయింపు అనుకోవద్దు. తెలుగు అక్షరాలు వెతుక్కుంటూ కొట్టే పెద్దవాళ్లకూ అలాగే అవుతుంది. అయితే వాళ్లు ఎంతసేపటికైనా మెసేజ్ పంపుతారు. జంకుతున్నవారు రాసింది తుడిచేస్తారు, లేదంటే పంపింది వెనక్కి తీసుకుంటారు.

పేరు దాచడం కూడా పాత ఆనవాలే. 1963-64లో హార్వీ శాక్స్ అనే పరిశోధకుడు లాస్ఏంజిలెస్‌లో ఆత్మహత్యల నివారణ కేంద్రానికి వచ్చే ఫోన్లను గమనించారు. సిబ్బంది ముందుగా తమ పేరు చెబితే అవతలివారూ మర్యాదకు పేరు చెప్పేవారు. ఓ మనిషి మాత్రం ‘మీ మాట సరిగా వినపడటం లేదు’ అన్నాడు. సిబ్బంది పేరు మళ్లీ చెప్పి, అర్థమయ్యేలోగా సంభాషణ ముందుకు వెళ్లిపోయింది. తన పేరు చెప్పాల్సిన చోటు దాటిపోయింది! మొదట్లోనే దొర్లిన ఆ చిన్న మాట పేరు చెప్పకుండా తప్పించుకునే దారి కావచ్చని శాక్స్ గ్రహించారు.

మన సారు ‘ఎవరు మీరు?’ అని గద్దించలేదు. ‘నమస్తే. పేరు చెప్పకున్నా పర్వాలేదు. ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పండి’ అని రాశారు. మర్నాడు పొద్దున జవాబొచ్చింది... ‘మా దోస్తుకు పెండ్లి జేస్తున్నరు సార్. తొమ్మిదో తరగతే’ అని. ఆయన వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. ‘ఎవరు మీరు’ అని అడిగి ఉంటే ఆ అమ్మాయి మళ్లీ మెసేజ్ పెట్టేది కాదేమో!

మనమూ పొరబడతాం

ప్రతిసారీ మన ఊహే నిజమవుతుందనుకుంటే బోల్తా పడతాం. భూపాలపల్లిలో సింగరేణి గనిలో పనిచేసే తమ్ముడు, ఊళ్లో వ్యవసాయం చేసుకునే అన్నకు రాత్రి పదింటికి ‘అన్నా నమస్తే’ అని పంపాడు. ఎప్పుడూ లేంది నమస్తే ఏంటని అన్న ‘ఏమైందిరా?’ అని అడిగాడు. జవాబు లేదు. మెసేజ్‌కి ఒకటే టిక్ పడింది. అంటే అది తమ్ముడి ఫోన్‌కి చేరనే లేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆ రాత్రంతా అన్నకు కునుకు లేదు.

తెల్లారాక జవాబొచ్చింది... ‘డ్యూటీ దిగిన అన్నా. యూరియా బస్తాల సంగతి అడుగుదామనుకున్న’ అని. బొగ్గుగని లోపలికి మొబైల్ తీసుకెళ్లరు. నైట్ షిఫ్ట్‌కు దిగేముందు సరదాకి ఓ నమస్తే కొట్టి ఫోన్ పక్కన పెట్టాడంతే. తమ్ముడిది రాత్రి డ్యూటీ అన్న సంగతి ఒక్కసారి గుర్తొస్తే అన్న హాయిగా నిద్రపోయేవాడు.

రాతలో మనసు చదవడం అంత సులువు కాదని 2005లో అమెరికాలో జరిగిన ఓ అధ్యయనం కూడా చెప్పింది. జస్టిన్ క్రూగర్ బృందం కొందరితో వెటకారపు వాక్యాలనూ, మామూలు వాక్యాలనూ ఈమెయిల్‌లో పంపించింది. తమ ఉద్దేశం నూటికి 78 సార్లు అవతలివారికి తెలిసిపోతుందని పంపినవారు ధీమాగా ఉన్నారు. తెలిసింది 56 సార్లే! బొమ్మా బొరుసూ వేసి చెప్పినా 50 సార్లు నిజమవుతుంది కదా. అవే వాక్యాలు గొంతుతో వినిపిస్తే 73 సార్లు సరిగ్గా పట్టుకున్నారు. పూర్తి వాక్యాలకే ఆ గతి పడితే ఒక్క ‘హాయ్’ మాటేమిటి?

కాబట్టి ఊహ ఎక్కడ ఆపాలో తెలియాలి. అలవాటు మారిందా, వేళ మారిందా, రాసింది తుడిచేశారా... ఇవి చూసి ‘ఏదో ఉంది’ అనుకోవచ్చు. ‘ఫలానాదే’ అని తేల్చేయకూడదు. అడిగి తెలుసుకోవాలి. ఒట్టి ‘హాయ్’కి ఒట్టి ‘హాయ్’ అని ఊరుకుంటే తలుపు సగమే తెరిచినట్టు. ‘ఇప్పుడా, తర్వాతా? ఫోన్‌లోనా, రాసి పంపుతవా?’ అని అడిగితే జంకేవారికి దారి దొరుకుతుంది, తొందరలో ఉన్నవారికి సమయం కలిసొస్తుంది. అన్నట్టు, మెసేజ్ పెట్టేది మీరైతే పలకరింపు పక్కనే ‘తొందరేం లేదు’ అనో, ‘జర అర్జెంటు’ అనో రెండు ముక్కలు చేర్చండి.

ఆ జనగామ అమ్మాయి ఇప్పుడు అదే చేస్తోంది. మొన్నామధ్య మళ్లీ పట్టపగలు మెసేజ్ పెట్టింది... ‘హాయ్ అమ్మా, భయపడకు, పచ్చడి అయిపోయింది’ అని!