డబ్బు కట్టని ప్రొఫైల్‌ను యాప్ దాచేస్తుందా?

డేటింగ్ యాప్‌లో చేరి రెండు మూడు నెలలు గడిచినా మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటే, స్నేహితుల్లో ఎవరో ఒకరు కారణం తేల్చి పారేస్తారు: ‘ఫ్రీ ప్రొఫైల్‌ని యాప్ తొక్కేస్తుందిరా, డబ్బు కట్టందే నువ్వు ఎవరికీ కనిపించవు.’ ఈ ఒక్క మాట జేబులకు పెడుతున్న చిల్లు చిన్నది కాదు. ముందు ఒక బూస్ట్, అది చాలక అయిదు బూస్ట్‌ల ప్యాక్, తర్వాత గోల్డ్, ఆపైన ప్లాటినం. అంత పెట్టలేనివాళ్లకు సగం ధరకే గోల్డ్ ఇప్పిస్తామంటూ ఓటీపీ అడిగే మోసగాళ్లు ఎదురవుతారు. ఇన్ని మెట్లు ఎక్కినవాళ్లను ‘కొన్నాక జవాబులు ఎన్ని పెరిగాయి?’ అని అడిగి చూడండి. లైకులు బాగా వచ్చాయంటారు. అడిగింది లైకుల గురించి కాదు.

ముందు ఆ దాచేయడం సంగతి చూద్దాం. డబ్బు కట్టినవాడికి యాప్ చూపించే సరుకు ఏమిటి? డబ్బు కట్టనివాళ్ల ప్రొఫైళ్లే కదా. వాటిని దాచేస్తే కట్టినవాడు ఖాళీ తెర చూసుకోవాలి. ఇది తర్కం మాత్రమే అనుకుంటే, రుజువు మీ ఫోన్‌లోనే ఉంది. టిండర్‌లో ఉచిత ఖాతాకు కూడా మిమ్మల్ని ఇష్టపడినవాళ్ల సంఖ్య, వాళ్ల మసకబారిన ఫొటోలతో సహా, కనిపిస్తుంది. వారం పాటు రోజూ ఆ సంఖ్య రాసుకోండి. అది పెరుగుతుంటే మీరు కనిపిస్తున్నట్టే, ఇక చర్చ అనవసరం. మరి మ్యాచ్‌లెందుకు రావు? రాకపోవడమే అక్కడ మామూలు. 2016లో టైసన్, ఆయన సహచరులు లండన్, న్యూయార్క్‌లలో టిండర్‌పై చేసిన పరిశోధనలో, వాళ్లు పెట్టిన పురుష ప్రొఫైళ్లకు మ్యాచ్ రేటు 0.6 శాతం, స్త్రీ ప్రొఫైళ్లకు 10.5 శాతం. మ్యాచ్ అయ్యాక తామే ముందుగా మెసేజ్ పెట్టినవాళ్లు ఆడవాళ్లలో 21 శాతం, మగవాళ్లలో 7 శాతం. హైదరాబాద్‌లో అంకెలు ఇవే ఉండాలని లేదు గానీ, వంద లైకులకు ఒక మ్యాచ్ కూడా రాకపోవడానికి ఏ కుట్రా అక్కర్లేదని మాత్రం తేలుతుంది.

అయినా ఈ అపోహలో ఒక పిసరు నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. 2020లో వచ్చిన ప్లాటినం, కట్టినవాడి లైకులను కట్టనివాడి లైకులకంటే ముందు చూపిస్తామని బాహాటంగానే చెప్పి అమ్ముతోంది. ముందు వరస అమ్ముడైందంటే మిగతావాళ్లు ఆ మేరకు వెనక్కి జరిగినట్టే. కానీ క్యూలో వెనక నిలబడటం వేరు, గేటు బయట ఉండటం వేరు. గేటు బయటున్నానని నమ్మినవాడు ఎంత ధరైనా పెడతాడు. క్యూలో వెనకున్నానని తెలిసినవాడు, ముందుకు జరిగితే తన పని అవుతుందా లేదా అని ఒకసారి లెక్కేసుకుంటాడు. కావలసింది ఆ లెక్కే.

బూస్ట్‌లో కొంటున్నదేమిటో స్పష్టంగా చూడాలి. టిండర్ బూస్ట్ అంటే మీ ప్రాంతంలో అరగంట పాటు ముందు వరసలో కనిపించడం. ‘పది రెట్ల వరకు’ అని కంపెనీ చెప్పేది చూపుల గురించి, జవాబుల గురించి కాదు. చూసినవారు లైక్ చేయాలి, మీరూ వారిని లైక్ చేయాలి, అప్పుడు మ్యాచ్, ఆపైన మెసేజ్, ఆపైన జవాబు. బూస్ట్ మొదటి మెట్టును మాత్రమే వెడల్పు చేస్తుంది. పైగా ఉచిత ఖాతాలో ఆ అరగంటలో వచ్చిన లైకులు మసక ఫొటోల వెనకే ఉండిపోతాయి. ఆ మనుషులు మీ వరసలోకి వచ్చి, వాళ్లెవరో తెలియకుండానే మీరు కుడివైపు తోస్తే తప్ప మ్యాచ్ కాదు. ఆ మసక తొలగించేది గోల్డ్. అంటే బూస్ట్ చేసే పనుల్లో గోల్డ్‌కు గిరాకీ పెంచడం కూడా ఒకటి. వ్యాపారంగా ముచ్చటైన ఏర్పాటే, కొనేవాడికి తెలిసి ఉంటే.

ఇక సొంత లెక్క. టిండర్ నుంచి మీ సమాచారం మొత్తం డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. వచ్చే data.json ఫైలులో swipes_likes, matches, messages_sent, messages_received అన్నవి రోజువారీగా ఉంటాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. వచ్చిన మెసేజ్‌ల సంఖ్య అందులో రోజు మొత్తానికే ఉంటుంది, మనిషివారీగా ఉండదు. మీరు పంపిన మాటలుంటాయి గానీ అవతలివాళ్లవి ఉండవు. ఒకే మనిషి ముప్పై మెసేజ్‌లు పెట్టినా, ముప్పై మంది ఒక్కొక్కటి పెట్టినా ఆ గడిలో 30 అనే కనిపిస్తుంది. హింజ్ ఇచ్చే ఫైలులోనూ సంభాషణలో మీ సగమే ఉంటుంది. కాబట్టి లైకులకు, మ్యాచ్‌లకు ఆ ఫైలును నమ్మండి. జవాబులకు మాత్రం ఒక నోట్‌బుక్ పెట్టుకోవాల్సిందే: మ్యాచ్ అయిన తేదీ, మీరు రాశారా, జవాబు వచ్చిందా, అటూ ఇటూ మూడేసి మెసేజ్‌లు సాగాయా. ఈ చివరిదాన్ని సంభాషణ అందాం. ‘హాయ్’ అన్నాక మాయమయ్యేవాళ్లను లెక్కలోకి తీసుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

ఎనిమిది వారాలు తీసుకోండి. ప్రతి ఆదివారం రాత్రి తొమ్మిదింటికి నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఆ వారం బూస్ట్, బొరుసు పడితే లేదు. ఏ వైపైనా నాలుగు వారాలు పూర్తయితే మిగిలినవి రెండో వైపుకు. నాణెం ఎందుకంటే, మనసు బాగున్నప్పుడో కొత్త ఫొటో పెట్టినప్పుడో బూస్ట్ కొని, వచ్చిన ఫలితాన్ని బూస్ట్ ఖాతాలో వేసే అలవాటు అందరికీ ఉంది. లెక్క అరగంటకు కాదు, వారం మొత్తానికి చూడాలి. బుధవారం ఎలాగూ మిమ్మల్ని చూడబోయేవారు ఆదివారమే చూసేస్తే అరగంట లెక్క అదిరిపోతుంది, వారం లెక్క మారదు. ఫొటోలు, పరిచయ వాక్యాలు ఈ రెండు నెలలూ ముట్టుకోకూడదు.

ఒక ఊహాలెక్క వేద్దాం. బూస్ట్ లేని నాలుగు వారాల్లో 16 మ్యాచ్‌లు, 7 జవాబులు, 3 సంభాషణలు. బూస్ట్ ఉన్న నాలుగు వారాల్లో 27 మ్యాచ్‌లు, 9 జవాబులు, 4 సంభాషణలు. బూస్ట్ ఒక్కోటి 300 రూపాయలనుకుంటే ఖర్చు 1200. మ్యాచ్‌లు చూసినవాడు ‘దాదాపు రెట్టింపు’ అని సంబరపడతాడు. జవాబులు చూస్తే మ్యాచ్‌కు వచ్చే పాలు 44 శాతం నుంచి 33కు దిగింది. సంభాషణకు వస్తే అదనంగా వచ్చింది ఒక్కటి, దాని ధర 1200. ఆ ఒక్కటి కూడా బూస్ట్ వల్లే వచ్చిందనడానికి లేదు. ఇంత చిన్న అంకెలు వాటంతటవే ఊగుతాయి. మోటు కొలత ఒకటుంది: రెండు అంకెలను కూడి, వర్గమూలం తీసి, రెట్టింపు చేయండి. తేడా దానికన్నా ఎక్కువుంటేనే పట్టించుకోవాలి. 3, 4 కూడితే 7, వర్గమూలం 2.6, రెట్టింపు 5కు పైనే. ఇక్కడ తేడా 1. బూస్ట్ వారాల్లో సంభాషణలు 11 వచ్చుంటే తేడా 8, హద్దు ఏడున్నర, అప్పుడు మాట్లాడుకోవచ్చు. మ్యాచ్‌ల తేడా 11 కూడా ఈ కొలతకు నిలవదు, ఎందుకంటే 43కు హద్దు 13.

‘నాకు కావలసింది ఒక్క మనిషే, శాతాలెందుకు’ అనే వాదన వినిపిస్తుంది. వినసొంపుగానే ఉంటుంది, కానీ ఆ ఒక్క మనిషి దొరికేది సంభాషణలోంచే కాబట్టి సంభాషణ ధరే అసలు ధర. అది మీకు సమ్మతమైతే నిక్షేపంగా కొనుక్కోండి. కొనేముందు నీరు ఎక్కడ కారుతోందో చూసుకోండి. పదహారు మ్యాచ్‌లలో రెండే జవాబులు వస్తుంటే లోపం మొదటి మెసేజ్‌లో ఉందేమో, దానికి బూస్ట్ మందు కాదు. మ్యాచ్‌లు తక్కువైనా వాటిలో సగం పైగా సంభాషణలవుతుంటే, అలాంటివాళ్లకే బూస్ట్ ప్రయోగం చేయదగ్గది. మ్యాచ్‌లే రాకపోతే ముందు ఫొటోలు. పైన చెప్పిన పరిశోధనలోనే ఒక ఫొటోకు బదులు మూడు పెట్టినప్పుడు మ్యాచ్‌లు కొన్ని రెట్లు పెరిగాయి. ఫొటోలకు రూపాయి ఖర్చు లేదు. ఇంకోటి, అరగంటలో యాప్ తెరిచేవాళ్లు మాదాపూర్ చుట్టుపక్కల ఉన్నంతమంది చిన్న ఊళ్లో ఉండరు. ఉన్న కొద్దిమందీ మిమ్మల్ని ఈపాటికే చూసేసి ఉంటే ముందు వరస ఎవరి ముందు?

సూపర్ లైక్ ఇస్తే చులకనైపోతామన్నది ఉత్త మాట. దాంతో మ్యాచ్ ఖాయమన్నది అంతకన్నా ఉత్త మాట. మూడు రెట్ల వరకు అవకాశం పెరుగుతుందని కంపెనీ అనేది అందరి సగటు. మనం సూపర్ లైక్ ఇచ్చేది మాత్రం అందరూ ఎగబడే ప్రొఫైళ్లకే. సమానంగా నచ్చిన ఇద్దరిని ఎంచుకుని, నాణెం ఎగరేసి ఒకరికి నీలి నక్షత్రం, మరొకరికి మామూలు లైక్ ఇస్తూ పోతేనే మీ వరకు నిజం తెలుస్తుంది. హింజ్ గులాబీకీ ఇదే పద్ధతి. అది వారానికొకటి ఉచితం కనుక కొనకుండానే పరీక్షించవచ్చు. పాత ఖాతా చెరిపేసి కొత్తది తెరిస్తే రాత మారుతుందన్న నమ్మకం గురించి చెప్పడానికేమీ లేదు, ఫొటోలు అవే కదా.

నెలవారీ ప్లాన్లలో గోల్డ్ ఒక్కదానికి కొంత సమర్థన ఉంది. లైకుల సంఖ్య పదుల్లో పెరుగుతూ, వాటిలో ఎవరెవరో వెతికే ఓపిక లేనివాళ్లకు, ముఖ్యంగా చాలామంది ఆడవాళ్లకు, అది సమయం మిగులుస్తుంది. లైకులు అయిదారు దాటనివాడికి అది అయిదారు ఫొటోలు చూసే రుసుము మాత్రమే. ధర కూడా అందరికీ ఒకటే కాదు. 2022లో మొజిల్లా, కన్స్యూమర్స్ ఇంటర్నేషనల్ కలిసి భారత్ సహా ఆరు దేశాల్లో పరిశీలించి, టిండర్ ఒకే ప్లాన్‌కు వేర్వేరు మనుషులకు వేర్వేరు ధరలు చూపుతోందని బయటపెట్టాయి. కాబట్టి స్నేహితుడికి గిట్టుబాటైంది మీకు అవుతుందనుకోకండి, మీ తెర మీది ధరతోనే లెక్క వేయండి. కొనదలిస్తే ఆరు నెలల ‘ఆదా’ ప్లాన్ జోలికి పోకుండా ఒక్క నెల తీసుకుని, అదే రోజు ప్లే స్టోర్‌లోనో యాపిల్ ఖాతాలోనో పునరుద్ధరణ రద్దు చేయండి. గడువు తేదీ దాకా ప్లాన్ నడుస్తూనే ఉంటుంది. యాప్ తీసేస్తే సరిపోతుందనుకోవద్దు. ఫోన్‌లో యాప్ లేకపోయినా వచ్చే నెల డబ్బు కట్ అవుతుంది.